తులనాత్మక ప్రయోజనం లెక్క చేయడం ఎలా: రికార్డో నాలుగు అంకెలతో అవకాశ వ్యయం నుంచి వర్తక లాభం దాకా

సిద్ధాంతం అప్పజెప్పమంటే చాలామంది అప్పజెబుతారు. డిగ్రీ పరీక్షలోనో గ్రూప్స్ పేపర్లోనో నాలుగు అంకెల పట్టిక ఇచ్చి "ఏ దేశం దేన్ని ఎగుమతి చేయాలి, ఎవరికెంత లాభం?" అని అడిగితే మాత్రం చేయి ఆగిపోతుంది. తప్పు దాదాపు ఎప్పుడూ ఒకేచోట జరుగుతుంది. దేన్ని దేనితో భాగించాలన్న దగ్గర తడబడితే, ఆ తర్వాత కూడికలూ తీసివేతలూ ఎంత శుద్ధంగా చేసినా జవాబు తలకిందులవుతుంది.

అందుకే ఇక్కడ ఒక్క ఉదాహరణనే మొదటి నుంచి చివరిదాకా లాగుదాం. 1817లో ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో ఇంగ్లండ్, పోర్చుగల్ దేశాలకు ఇచ్చిన నాలుగు అంకెలవి. ఎవరో కొలిచి తెచ్చినవి కావు, వాదన కోసం ఆయన ఊహించుకున్నవి. అయినా వాటిని ఎంచుకోవడానికి కారణముంది: పోర్చుగల్ రెండు సరుకుల్నీ ఇంగ్లండ్ కన్నా తక్కువ మందితో చేస్తుంది. చిక్కంతా అక్కడే కాబట్టి సాధన కూడా అక్కడే చేయాలి.

## 1. ముందుగా పట్టిక ఏ రకమో తేల్చుకోండి

| ఒక యూనిట్‌కు ఏడాది పాటు కావలసిన మనుషులు | బట్ట (1 బేలు) | వైన్ (1 పీపా) |
|---|---|---|
| ఇంగ్లండ్ | 100 | 120 |
| పోర్చుగల్ | 90 | 80 |

బేలు, పీపా అన్న కొలతలు మనం పెట్టుకున్నవి. రికార్డో కొంత బట్ట, కొంత వైన్ అని మాత్రమే అనుకున్నాడు. (పీపా అన్న మాట మనకు పోర్చుగీసు నుంచే వచ్చింది కాబట్టి ఈ లెక్కకు బాగా అతుకుతుంది.)

ఇప్పుడు పట్టిక తలమీద రాసింది చదవండి. "ఒక యూనిట్‌కు ఎంతమంది కావాలి" అని ఉంటే అది ఖర్చు పట్టిక. అందులో చిన్న అంకె మంచిది. "ఒక మనిషి ఎంత చేస్తాడు" అని ఉంటే అది దిగుబడి పట్టిక. అందులో పెద్ద అంకె మంచిది. మన ముందున్నది ఖర్చు పట్టిక.

కాగితం మీద పట్టిక పైన "ఖర్చు" అనో "దిగుబడి" అనో పెద్దక్షరాలతో రాసుకోండి. పిల్లచేష్టలా అనిపించవచ్చు గానీ సగం తప్పులు దీంతోనే ఆగిపోతాయి.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోవాల్సినవి:

- పట్టిక ఖర్చుదా, దిగుబడిదా?
- రెండు దేశాలకూ కొలత ఒకటేనా? ఒకదానికి రోజులు, ఇంకోదానికి గంటలు ఇచ్చి ఉంటే ముందు ఒకే కొలతలోకి మార్చండి.
- ఒక్కో దేశంలో మొత్తం ఎంతమంది ఉన్నారో ఇచ్చారా? ఇవ్వకపోతే మనమే అనుకోవాలి. ఎలాగో 4వ అడుగులో చూద్దాం.

## 2. అవకాశ వ్యయం కట్టండి

అవకాశ వ్యయమంటే రూపాయల్లో ఖర్చు కాదు. ఒక బేలు బట్ట అదనంగా కావాలంటే ఎంత వైన్ వదులుకోవాలన్నదే ప్రశ్న.

ఇంగ్లండ్‌లో ఇంకో బేలు నేయాలంటే 100 మందిని వైన్ పని నుంచి లాక్కురావాలి. ఒక పీపా వైన్‌కు 120 మంది కావాలి కదా, ఆ 100 మంది వైన్ దగ్గరే ఉండి ఉంటే 100 ÷ 120, అంటే 5/6 పీపా తయారయ్యేది. కాబట్టి ఇంగ్లండ్‌లో ఒక బేలు బట్టకు అవకాశ వ్యయం 5/6 పీపా.

పోర్చుగల్‌కూ ఇదే పద్ధతి. ఒక బేలుకు 90 మంది కావాలి. వాళ్లు వైన్ పనిలో ఉంటే 90 ÷ 80, అంటే 9/8 పీపాలు చేసేవాళ్లు.

సూత్రం గుర్తుండాలంటే: ఖర్చు పట్టికలో ఏ సరుకు అవకాశ వ్యయం కావాలో దాని అంకె పైన, రెండో సరుకు అంకె కింద.

| అవకాశ వ్యయం | 1 బేలు బట్టకు | 1 పీపా వైన్‌కు |
|---|---|---|
| ఇంగ్లండ్ | 5/6 పీపా (0.833) | 6/5 బేలు (1.2) |
| పోర్చుగల్ | 9/8 పీపా (1.125) | 8/9 బేలు (0.889) |

ఒకే వరుసలో ఉన్న రెండు గడులను గుణిస్తే సరిగ్గా 1 రావాలి. 5/6 × 6/5 = 1, 9/8 × 8/9 = 1. రాకపోతే ముందుకు పోకండి. దశాంశాలతో చేస్తే 0.83 × 1.2 = 0.996 లాంటివి వచ్చి అనవసరమైన అనుమానం పుడుతుంది. భిన్నాల్లోనే ఉంచుకుని చివర్లో దశాంశం రాయడం మేలు.

## 3. ఎవరికి ఏ సరుకులో ప్రయోజనమో తేల్చండి

ఇక మొదటి పట్టిక వైపు చూడొద్దు. అవకాశ వ్యయాల పట్టికలో ఒక్కో నిలువు వరుసను పై నుంచి కిందికి పోల్చండి.

బట్ట వరుసలో ఇంగ్లండ్‌ది 0.833, పోర్చుగల్‌ది 1.125. తక్కువ వదులుకునేది ఇంగ్లండ్, కనుక బట్టలో తులనాత్మక ప్రయోజనం దానిదే. వైన్ వరుసలో పోర్చుగల్‌ది 0.889, ఇంగ్లండ్‌ది 1.2. వైన్ పోర్చుగల్‌ది.

పరీక్ష పేపర్లలో తరచు కనిపించే తప్పు: "పోర్చుగల్‌కు బట్టకు 90 మంది చాలు, ఇంగ్లండ్‌కు 100 మంది కావాలి, కాబట్టి బట్ట కూడా పోర్చుగల్‌దే." 90ని 100తో పోల్చి తెచ్చింది నిరపేక్ష ప్రయోజనం. ప్రశ్న అది కాదు. పోర్చుగల్ రెండింటిలోనూ మెరుగే, కానీ ఎంత మెరుగు? వైన్‌లో ఇంగ్లండ్ శ్రమలో మూడింట రెండు వంతులు చాలు (80/120), బట్టలో పది వంతుల్లో తొమ్మిది కావాలి (90/100). మెరుగు ఎక్కువున్న చోట మనుషుల్ని పెట్టుకోవడమే దానికి గిట్టుబాటు.

ఇంకో సంగతి. ఒకే దేశానికి రెండు సరుకుల్లోనూ తులనాత్మక ప్రయోజనం వచ్చిందంటే లెక్క తప్పినట్టే, అలా రావడం అసాధ్యం. రెండు దేశాల అవకాశ వ్యయాలూ సమానం కావడం మాత్రం సాధ్యమే. పోర్చుగల్ అంకెలు 75, 90 అయి ఉంటే 75/90 కూడా 5/6 అయ్యేది. అప్పుడు పోర్చుగల్ ఎంత సమర్థమైనదైనా ఈ లెక్కలో వర్తకానికి కారణమే ఉండదు. "లాభం లేదు" అన్నదే సరైన జవాబు.

## 4. వర్తకానికి ముందు పరిస్థితి రాయండి

లాభం చూపించాలంటే దేనితో పోలుస్తున్నామో ముందు తెలియాలి. మొత్తం జనం ఎంతో ప్రశ్నలో ఇవ్వకపోతే, ఒక్కో దేశం రెండు సరుకుల్నీ 100 యూనిట్ల చొప్పున చేసుకుంటోందని అనుకోవడం సులువు.

- ఇంగ్లండ్: 100 బేళ్లకు 10,000 మంది, 100 పీపాలకు 12,000 మంది. మొత్తం 22,000.
- పోర్చుగల్: 100 బేళ్లకు 9,000 మంది, 100 పీపాలకు 8,000 మంది. మొత్తం 17,000.
- రెండు దేశాలు కలిపి: 200 బేళ్లు, 200 పీపాలు.

ఈ 22,000, 17,000 లెక్క చివరిదాకా మారకూడదు. వర్తకంతో మనుషులు పెరగరు, వాళ్ల పనితనమూ పెరగదు. ఈ షరతు మరిచిపోయి లాభం చూపిస్తే అది వర్తక లాభం కాదు.

## 5. ఒక్కో దేశాన్ని ఒక్కో సరుకుకు మళ్లించండి

ఇంగ్లండ్ 22,000 మందినీ బట్టలో పెడితే 22,000 ÷ 100 = 220 బేళ్లు. పోర్చుగల్ 17,000 మందినీ వైన్‌లో పెడితే 17,000 ÷ 80 = 212.5 పీపాలు.

ఇంతకుముందు రెండూ 200 చొప్పున ఉండేవి. మనుషులు అంతే, పనితనం అంతే. అయినా 20 బేళ్లు, 12.5 పీపాలు అదనంగా వచ్చాయి.

చాలామంది ఇక్కడ "కాబట్టి రెండు దేశాలకూ లాభం" అని రాసి ముగిస్తారు. మార్కులు పోయేది అక్కడే. ప్రపంచం మొత్తంలో సరుకు పెరిగిందని మాత్రమే ఇప్పటిదాకా తేలింది. ఇంగ్లండ్ దగ్గర ఈ క్షణాన చుక్క వైన్ లేదు, పోర్చుగల్ దగ్గర గజం బట్ట లేదు. ఎవరికెంత దక్కుతుందో తేలాలంటే మారకపు రేటు కావాలి.

## 6. మారకపు రేటుకు హద్దులు గీయండి

ఒక బేలు బట్టకు ఎన్ని పీపాల వైన్? హద్దులు అవకాశ వ్యయాల పట్టికలోనే ఉన్నాయి.

ఇంగ్లండ్ అమ్మేది బట్ట. బేలును తగ్గించుకుంటే ఇంట్లోనే 0.833 పీపా చేసుకోగలదు. అంతకన్నా తక్కువ ఇస్తామంటే బయటి బేరం దానికెందుకు? పోర్చుగల్ కొనేది బట్ట. 1.125 పీపాలు వదులుకుంటే ఇంట్లోనే ఒక బేలు నేసుకోగలదు. అంతకన్నా ఎక్కువ ఎందుకిస్తుంది?

కాబట్టి ఒక బేలు ధర 0.833, 1.125 పీపాల మధ్యనే ఉండాలి. వైన్ వైపు నుంచి చెబితే ఒక పీపా ధర 0.889, 1.2 బేళ్ల మధ్య. రెండూ ఒకే హద్దు. జవాబులో ఒక రూపమే వాడండి. సగంలో మార్చితే మీకే గందరగోళం.

రికార్డో తీసుకున్న బేరం ఒకటికి ఒకటి. 1 అనేది హద్దుల లోపలే ఉంది. 1.2 అని తీసుకుంటే? ఇంగ్లండ్‌కు పండగే గానీ, ఇంట్లో 1.125కే దొరికే బట్టకు పోర్చుగల్ 1.2 పీపాలు ఇవ్వాలి. బేరం కుదరదు. మీరు ఎంచుకున్న రేటుతో ఒక దేశం నష్టపోయినట్టు వస్తే ముందు ఈ హద్దులే చూడండి.

## 7. మార్చుకున్నాక ఎవరి దగ్గర ఎంత మిగిలిందో చూడండి

ఇంగ్లండ్ 100 బేళ్లు పంపి 100 పీపాలు తెచ్చుకుందనుకుందాం.

| | ముందు | తర్వాత | తేడా |
|---|---|---|---|
| ఇంగ్లండ్ బట్ట | 100 | 220 − 100 = 120 | +20 |
| ఇంగ్లండ్ వైన్ | 100 | 100 | 0 |
| పోర్చుగల్ బట్ట | 100 | 100 | 0 |
| పోర్చుగల్ వైన్ | 100 | 212.5 − 100 = 112.5 | +12.5 |

తేడా నిలువు వరుసను 5వ అడుగులో వచ్చిన అదనపు 20, 12.5తో సరిచూడండి. కలవకపోతే ఎగుమతి, దిగుమతి అంకెల్లో ఎక్కడో తప్పుంది. ఒకరి ఎగుమతి ఇంకొకరి దిగుమతే కావాలి కదా.

ఇప్పుడు పరీక్షలో పెద్దగా కనిపించని, కానీ అన్నింటికన్నా నమ్మదగిన తనిఖీ ఒకటి. వర్తకం తర్వాత దేశానికి దక్కిన సరుకంతా ఇంట్లోనే చేసుకోవాలంటే ఎంతమంది కావాలో లెక్కేయండి. ఉన్నవాళ్లకన్నా ఎక్కువ మంది కావాలని వస్తే, ఒంటరిగా అందుకోలేనిది వర్తకంతో అందినట్టు.

- ఇంగ్లండ్: 120 బేళ్లకు 12,000, 100 పీపాలకు 12,000. మొత్తం 24,000 మంది కావాలి. ఉన్నది 22,000. లాభం 2,000 మంది ఏడాది శ్రమ.
- పోర్చుగల్: 100 బేళ్లకు 9,000, 112.5 పీపాలకు 9,000. మొత్తం 18,000 కావాలి. ఉన్నది 17,000. లాభం 1,000.

ఇది ఎందుకు మంచిదంటే, ఒక సరుకు పెరిగి ఇంకోటి తగ్గినప్పుడు కూడా పనిచేస్తుంది. ఉదాహరణకు ఇంగ్లండ్ 130 బేళ్లు పంపిందనుకోండి. దానికి 90 బేళ్లు, 130 పీపాలు మిగులుతాయి. బట్ట ముందుకన్నా 10 తగ్గింది, మరి నష్టమా? 9,000 + 15,600 = 24,600. ఉన్న 22,000 కన్నా ఎక్కువే, నష్టం కాదు.

రేటు మారితే లాభం చేతులు మారుతుంది. 100 బేళ్లే పంపినా, బేలుకు 0.9 పీపా చొప్పున అయితే ఇదే లెక్కలో ఇంగ్లండ్ లాభం 800కు పడిపోయి పోర్చుగల్‌ది 1,800 అవుతుంది. 1.1 చొప్పున అయితే ఇంగ్లండ్‌కు 3,200, పోర్చుగల్‌కు 200. రేటు ఎవరి ఇంటి ధరకు దగ్గరగా జరిగితే వాళ్ల లాభం అంతగా కరిగిపోతుంది. హద్దును తాకితే సున్నా. తులనాత్మక ప్రయోజనం వర్తకం ఇద్దరికీ మేలు చేసే వీలుందని చెబుతుంది గానీ, సగం సగం పంచుతానని ఎక్కడా చెప్పదు.

## 8. "100 మంది శ్రమ ఇచ్చి 80 మంది శ్రమ తెచ్చుకోవడం మోసం కాదా?"

ఒకటికి ఒకటి బేరంలో ఇంగ్లండ్ 100 మంది నేసిన బేలు ఇచ్చి, 80 మంది చేసిన పీపా తీసుకుంటుంది. దోపిడీలా కనిపిస్తుంది. ఈ సందేహం అడగని తరగతి ఉండదు, అడగడమూ సబబే.

ఇంగ్లండ్ పోల్చుకోవాల్సింది పోర్చుగల్ శ్రమతో కాదు, తన రెండో దారితో. ఆ పీపా తనే చేసుకుంటే 120 మంది కావాలి. బేలు రూపంలో 100 మందితో సరిపోయింది, 20 మంది మిగిలారు. పోర్చుగల్ వైపు చూస్తే బేలు నేయడానికి 90 మంది కావాలి, 80 మంది చేసిన పీపాతో వచ్చేసింది, 10 మంది మిగిలారు. 7వ అడుగులో వచ్చిన 2,000, 1,000 ఈ 20, 10 అంకెలే, 100 యూనిట్లకు పెరిగాయంతే.

దీని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. వ్యాపారి అవకాశ వ్యయం చూడడు, ధర చూస్తాడు. ఎక్కువ మంది నేసిన ఇంగ్లండ్ బట్ట పోర్చుగల్ అంగడిలో చవగ్గా ఎలా పడుతుంది? జవాబు కూలీలో ఉంది. పోర్చుగల్ కూలీ 1 అనుకుని, ఇంగ్లండ్ కూలీ 0.8 పెట్టి చూడండి.

| ధర | బట్ట | వైన్ |
|---|---|---|
| ఇంగ్లండ్ (కూలీ 0.8) | 80 | 96 |
| పోర్చుగల్ (కూలీ 1) | 90 | 80 |

బట్ట ఇంగ్లండ్‌లో చవక, వైన్ పోర్చుగల్‌లో చవక. పైగా చవకైన చోట రెండింటి ధరా 80 కాబట్టి ఒక బేలుకు ఒక పీపా. మన బేరమే తిరిగొచ్చింది.

ఇంగ్లండ్ కూలీ 0.95 అయితే దాని బట్ట 95, వైన్ 114. రెండూ పోర్చుగల్‌లోనే చవక, ఇంగ్లండ్ సరుకు కొనేవాడుండడు, అక్కడి కూలీ కిందికి జారుతుంది. 0.6 అయితే బట్ట 60, వైన్ 72, రెండూ ఇంగ్లండ్‌లోనే చవకై కూలీ పైకి పోతుంది. నిలిచే చోటు 80/120కీ 90/100కీ మధ్య, అంటే 0.667 నుంచి 0.9 దాకా. 3వ అడుగులో చూసిన మూడింట రెండు, పదింట తొమ్మిది ఇవే.

అంటే తులనాత్మక ప్రయోజనం ఇంగ్లండ్ పనివాడికి ఎగుమతి పని ఇస్తుంది గానీ, పోర్చుగల్ పనివాడితో సమానమైన కూలీ ఇవ్వదు. కూలీ తేడా పనితనంలోని తేడా నుంచి వచ్చింది. పాఠం చెప్పేటప్పుడు ఈ ముక్క దాటేస్తుంటారు, అందుకే సిద్ధాంతం గాల్లో తేలుతున్నట్టు అనిపిస్తుంది.

## 9. పట్టిక తిరగేసి ఇస్తే

ఇవే దేశాలు, ఇవే సరుకులు. ప్రశ్న మాత్రం "7,200 మంది ఏడాదిలో ఎంత చేస్తారు?" అని వస్తుంది.

| 7,200 మంది దిగుబడి | బట్ట (బేళ్లు) | వైన్ (పీపాలు) |
|---|---|---|
| ఇంగ్లండ్ | 72 | 60 |
| పోర్చుగల్ | 80 | 90 |

ఇక్కడ 2వ అడుగు సూత్రం అలాగే వాడితే ఇంగ్లండ్ బట్ట 72/60 = 1.2, పోర్చుగల్ బట్ట 80/90 = 0.889 అని వచ్చి, బట్ట పోర్చుగల్ చేతికి పోతుంది. పూర్తిగా తలకిందులు. గుణిస్తే 1 రావాలన్న తనిఖీ కూడా ఈ తప్పును పట్టదు, ఎందుకంటే రెండు గడులూ కలిసే తిరగబడతాయి.

దిగుబడి పట్టికలో భాగహారం తిప్పాలి: అవకాశ వ్యయం కావలసిన సరుకు కింద, రెండో సరుకు పైన. ఇంగ్లండ్ బట్టకు 60/72 = 5/6. పోర్చుగల్‌కు 90/80 = 9/8. పాత జవాబే.

సూత్రం గుర్తు లేకపోతే వాక్యంగా అనుకోండి: "72 బేళ్లు వదిలితే 60 పీపాలు వస్తాయి, మరి ఒక బేలు వదిలితే?" చిన్న తరగతుల్లో నేర్చిన ఏకవస్తు పద్ధతి చాలు. మాటల్లో అనుకున్నవాళ్లు ఇక్కడ పొరబడటం తక్కువ.

## 10. ఒక సరుకు మొత్తం తగ్గిపోతే కంగారు పడకండి

రికార్డో అంకెల్లో రెండు సరుకులూ పెరిగాయి. ప్రతి లెక్కలోనూ అలా రాదు. ఈ దిగుబడి పట్టిక చూడండి. రెండు దేశాల్లోనూ 100 మంది చొప్పున ఉన్నారు, ఒక్కో సరుకులో సగం మంది చొప్పున పనిచేస్తున్నారు.

| ఒక మనిషి దిగుబడి | ధాన్యం (బస్తాలు) | చీరలు |
|---|---|---|
| దేశం క | 6 | 3 |
| దేశం చ | 4 | 1 |

ఒక చీరకు అవకాశ వ్యయం క దేశంలో 2 బస్తాలు, చ దేశంలో 4 బస్తాలు. చీరలు క దేశానివి, ధాన్యం చ దేశానిది. వర్తకానికి ముందు క దగ్గర 300 బస్తాలు, 150 చీరలు. చ దగ్గర 200 బస్తాలు, 50 చీరలు. మొత్తం 500 బస్తాలు, 200 చీరలు.

పూర్తిగా మళ్లిస్తే క 300 చీరలు, చ 400 బస్తాలు. చీరలు 100 పెరిగాయి, ధాన్యం 100 తగ్గింది. లెక్క తప్పిందనుకుని చాలామంది కొట్టేసి మళ్లీ మొదలుపెడతారు. తప్పలేదు. క రెండింటిలోనూ బాగా ముందుంది, అది ధాన్యం పూర్తిగా మానేస్తే ఆ లోటును చ ఒక్కటే పూడ్చలేదు.

రెండు సరుకులూ పెరిగేలా చూపించమంటే కలో 20 మందిని ధాన్యంలోనే ఉంచండి. అప్పుడు కలో 120 బస్తాలు, 240 చీరలు. చ 400 బస్తాలతో కలిపి మొత్తం 520 బస్తాలు, 240 చీరలు. ప్రశ్నలో చీరకు 3 బస్తాల రేటు ఇచ్చారనుకోండి. క 60 చీరలు పంపి 180 బస్తాలు తెచ్చుకుంటే దానికి 180 చీరలు, 300 బస్తాలు. చకు 60 చీరలు, 220 బస్తాలు. ఎవరికీ ఏదీ తగ్గలేదు.

పై తరగతుల వాళ్లకు ఒక మెలిక. రేటు ఎవరూ ఇవ్వకుండా అంగడే తేల్చేటట్టయితే, క ఇంకా ధాన్యం పండిస్తున్నంతకాలం రేటు 3 దగ్గర నిలవదు, క ఇంటి ధర 2 దగ్గరే ఆగుతుంది. 3 బస్తాలు బయట దొరుకుతుంటే కలో ధాన్యం ఎవరు పండిస్తారు? 2 దగ్గర కకు మిగిలేది 180 చీరలు, 240 బస్తాలు. 7వ అడుగులోని శ్రమ తనిఖీలో 60 + 40 = 100 మంది, అంటే లాభం సున్నా. చకు 60 చీరలు, 280 బస్తాలు, అంటే 60 + 70 = 130 మంది పని. లాభమంతా చ దేశానిదే. రెండు పనులూ చేస్తూ మిగిలిపోయిన దేశానికి వర్తకంలో వాటా దక్కదన్నది ఇందులోంచే వస్తుంది.

## 11. రవాణా ఖర్చు అడిగితే

మళ్లీ ఇంగ్లండ్, పోర్చుగల్ దగ్గరికి వద్దాం. ఒకటికి ఒకటి రేటులో 100 పీపాలకు గాను ఓడ ఖర్చు కింద కొంత వైన్ పోతుందనుకోండి. ఎంతవరకు తట్టుకోవచ్చు?

భారం ఇంగ్లండ్ మోస్తే: 100 బేళ్లకు ఇంట్లో 83.3 పీపాలు వచ్చేవి. కాబట్టి దాదాపు 16.7 పీపాల దాకా పోయినా ఫరవాలేదు. 20 పోతే దాని చేతికి 80 వస్తాయి, ఇంట్లో చేసుకోవడమే నయం. పోర్చుగల్ మోస్తే: 100 బేళ్లు ఇంట్లో నేస్తే 112.5 పీపాలు వదులుకోవాలి, బేరానికి 100 ఇస్తోంది, కాబట్టి 12.5 పీపాల దాకా భరించగలదు.

సుంకం అడిగినా పద్ధతి ఇదే. రేటుకూ ఆ దేశపు ఇంటి ధరకూ మధ్య ఉన్న ఖాళీ ఎంతో అంతే తట్టుకుంటుంది.

## 12. జవాబు ఇచ్చే ముందు తనిఖీ

- పట్టిక పైన ఖర్చు, దిగుబడి ఏదో రాశానా? దాని ప్రకారమే భాగించానా?
- అవకాశ వ్యయం పక్కన రెండో సరుకు యూనిట్ రాశానా? "5/6" అని వదిలేస్తే అది అవకాశ వ్యయం కాదు, వట్టి అంకె.
- ఒక్కో దేశం రెండు అవకాశ వ్యయాల లబ్ధం 1 వచ్చిందా?
- మారకపు రేటు రెండు ఇంటి ధరల మధ్యే ఉందా? ఏ సరుకుకు ఏ సరుకులో చెప్పానో స్పష్టంగా ఉందా?
- ముందు, తర్వాత మనుషుల సంఖ్య ఒకటేనా?
- ఒకరి ఎగుమతి ఇంకొకరి దిగుమతితో సరిపోయిందా?
- లాభాన్ని ప్రపంచం మొత్తానికే కాకుండా ఒక్కో దేశానికి విడిగా చూపించానా?
- శ్రమ తనిఖీలో రెండు దేశాలకూ ఉన్నవాళ్లకన్నా ఎక్కువ మంది కావాలని వచ్చిందా? ఒకదానికి తక్కువ వస్తే 6వ అడుగుకు, సరిగ్గా సమానం వస్తే 10వ అడుగు చివరి పేరాకు వెళ్లండి.